ప్లేస్టేషన్ 2 డిస్కు: దాచడం, ఎంచుకోవడం

2009లో హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' ఆట ప్లేస్టేషన్ 2 డిస్కుగా వచ్చింది. అలాంటి ఆటను పెట్టెతో సహా సొంతం చేసుకోవాలంటే ఇప్పుడు పాత కాపీలే దిక్కు. చేతికొచ్చిన కాపీ బాగుందో లేదో తెలియాలంటే ముందు డిస్కును తిప్పి చూడాలి.

అడుగు నీలంగా ఉంటే అది సీడీ, వెండి రంగులో ఉంటే డీవీడీ. డీవీడీలో సమాచారం ఉండే పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య భద్రంగా ఉంటుంది. సీడీలో ఆ పొర బొమ్మ అచ్చువేసిన పైభాగం కిందే, పల్చటి లక్క పూత చాటున ఉంటుంది. అందుకే నీలం డిస్కు కొనేటప్పుడు నేను ముందుగా పైభాగమే చూస్తాను. బల్బుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపిస్తే, అక్కడ లోహం ఊడిపోయిందన్నమాట. దాన్ని ఏ పాలిషూ తిరిగి తేలేదు. పాలిష్ పనిచేసేది అడుగువైపు ప్లాస్టిక్ మీది పైపై గీతలకే.

ఆ గీతలన్నీ ఒకేలా హాని చేయవు. మధ్య నుంచి అంచుకు నిలువుగా పడిన గీత ఒక్కో చుట్టులో కొద్ది మేరే అడ్డుతగులుతుంది, ఆ లోటును యంత్రం సరిదిద్దుకోగలదు. చుట్టు వెంబడి వంకరగా సాగిన గీత వరుసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది, ఆట సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. తుడిచేటప్పుడు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవమనేది ఇందుకే. గుండ్రంగా రుద్దితే ఆ ప్రమాదకరమైన గీతలను మనమే గీసినట్టవుతుంది.

పెట్టెలోంచి తీసేటప్పుడు నడిమి బొడిపెను నొక్కి తీయాలి. అంచు పట్టి లాగితే మధ్య రంధ్రం దగ్గర పగులు మొదలవుతుంది. పెట్టెలను పుస్తకాల్లా నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచాలి. విశాఖ లాంటి తీరప్రాంతాల తేమకు డిస్కుకన్నా ముందు లోపలి పుస్తకం, కవరు కాగితం బూజు పడతాయి. మూతపడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు మార్చడం మంచిది.

పెట్టె అసలుదేనా అని చూడటానికి ఒక తేలిక గుర్తుంది. ప్లేస్టేషన్ 2 పెట్టెలో మెమరీ కార్డు పెట్టుకునే గూడు ఉంటుంది, మామూలు సినిమా డీవీడీ పెట్టెలో ఉండదు. పెట్టె మీది కోడ్, డిస్కు మీది కోడ్ కూడా కలవాలి. యూరప్ కాపీలకు SLES లేదా SCES, అమెరికా కాపీలకు SLUS లేదా SCUS ఉంటుంది. మన యంత్రం ఏ ప్రాంతానిదైతే ఆ ప్రాంతపు డిస్కునే అది ఆడిస్తుంది.

ఇక ఎడిషన్ సంగతి. 'ప్లాటినం' అని ఉన్న యూరప్ కాపీ తర్వాత చౌకగా వచ్చిన మలి ముద్రణ కాబట్టి, సేకర్తలు సాధారణంగా తొలి ముద్రణకే మొగ్గుతారు. 'సైలెంట్ హిల్ 2' దగ్గర మాత్రం ఈ లెక్క సూటిగా కుదరదు. 2001లో యూరప్‌లో వచ్చిన తొలి కాపీతో ఆట తయారీ గురించిన డీవీడీ కూడా ఇచ్చారు. తర్వాత వచ్చిన 'డైరెక్టర్స్ కట్'లోనేమో మరియా కథ అదనంగా ఉంది, తొలి కాపీలో అది లేదు. అలమరలో ఉంచుకోవడానికైతే రెండు డిస్కుల తొలి కాపీ, ఆడుకోవడానికైతే డైరెక్టర్స్ కట్ తీసుకోమంటాను.