128 రూపాయల దరఖాస్తు

సాధారణంగా పరిచయ వ్యాసాలు పుస్తకాల మీద రాస్తారు. నేను ఒకే ఒక్క పేజీ గురించి రాస్తున్నాను. అది మా ఊరి పురపాలక సంఘం కమిషనర్‌కు 2024 జులైలో వెళ్లిన దరఖాస్తు. సంతకం నాది, రాత మా పెద్దమావయ్యది. ఆయన ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఇలాంటి కాగితాలను ముప్పై ఏళ్లకు పైగా బల్లకు అవతలివైపు కూర్చుని చదివిన మనిషి. ఆ పేజీ పనితనమంతా ఆ అవతలి కుర్చీ అనుభవంలోంచే వచ్చింది.

సంగతి చిన్నదే. ఊళ్లో ఉన్న మా ఇంటికి అర్ధ సంవత్సరపు పన్ను 6,420 రూపాయలు. మన మున్సిపాలిటీల్లో మొదటి అర్ధ సంవత్సరం పన్ను జూన్ 30 లోపు, రెండోది డిసెంబరు 31 లోపు కట్టాలి. దాటితే నెలకు 2 శాతం వడ్డీ. జూన్ 29 శనివారం సాయంత్రం హైదరాబాద్ నుంచే యూపీఐలో కట్టాను. బ్యాంకులో డబ్బు తెగింది, మున్సిపాలిటీ వెబ్‌సైట్ మాత్రం రసీదు ఇవ్వలేదు. ఆ సొమ్ము జులై 4న తిరిగి నా ఖాతాలో పడింది. అదే రోజు మళ్లీ కట్టబోతే 6,548 అడిగింది. గడువు దాటి నాలుగు రోజులే అయినా ఒక నెల వడ్డీ, అంటే 128 రూపాయలు కలిసింది.

కోపంతో నేనొక ఉత్తరం రాశాను, రెండున్నర పేజీలు. "పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టి, ఆన్‌లైన్ సేవల దుస్థితి మీద ఒక పేరా, నిజాయితీగా పన్ను కట్టేవాడికి జరిగే అన్యాయం మీద ఒక పేరా పెట్టి, చివర "దయతో మాఫీ చేయగలరు" అని ముగించాను. మావయ్య చదివి కళ్లజోడు తీశారు.

"ఒరేయ్, ఇది చదివినవాడికి నీ మీద జాలి కలుగుతుందనుకో. తర్వాత ఏం చెయ్యమంటావు? జాలి కలిగిందని ఫైల్లో రాయలేడు కదా."

ఆ రాత్రే ఆయన కొత్తగా రాశారు.

మొదట విషయం వాక్యం. నాది "ఆస్తి పన్నుపై వడ్డీ మాఫీ కోరుట గురించి". ఆయనది: "ఆస్తి పన్ను – 2024-25 మొదటి అర్ధ సంవత్సరం – జూన్ 29న చేసిన చెల్లింపు సాంకేతిక కారణంగా జమ కానందున – వసూలైన రూ. 128 వడ్డీని తదుపరి డిమాండులో సర్దుబాటు చేయుటకు – మనవి." వరసగా అయిదు ముక్కలు. ఇన్‌వర్డ్ రిజిస్టరులో గుమస్తా రాసుకునేది ఈ విషయం పంక్తినే. దాన్ని బట్టే కాగితం ఏ సెక్షన్‌కు వెళ్లాలో తేలుతుంది. ఏ పన్ను, ఏ కాలం, ఏం జరిగింది, ఎంత, ఏం కావాలి అన్నవన్నీ అక్కడే దొరికితే, దరఖాస్తు తెరవకముందే సగం చదివినట్టు.

అందులో "మాఫీ" అన్న మాట లేదు. ఎందుకని అడిగాను. వడ్డీ చట్ట ప్రకారం పడేది, దాన్ని దయతలచి వదిలెయ్యడానికి కమిషనర్‌కు అధికారం ఉండదన్నారు. ఎవరికైనా మాఫీ ఇస్తే రేపు ఆడిట్ వాళ్లు వచ్చి, ఏ ఉత్తర్వు ప్రకారం వదిలారని అడుగుతారు. ఊరందరికీ కలిపి మాఫీ కావాలంటే అది ప్రభుత్వం ఇవ్వాలి. హైదరాబాద్‌లో 2020లోనూ, 2022లోనూ వన్ టైమ్ సెటిల్‌మెంట్ పేరుతో పాత బకాయిల వడ్డీలో 90 శాతం వదిలింది అలా ఉత్తర్వులతోనే. అవి ఏళ్ల తరబడి కట్టనివాళ్ల కోసం వచ్చిన పథకాలు. నాలుగు రోజులు ఆలస్యమైనవాడికి అలాంటి తలుపు లేదు. మావయ్య అందుకే ఇంకో తలుపు చూశారు. మాఫీ కమిషనర్ చేతిలో లేకపోవచ్చు. కానీ జరిగిన పొరపాటును గుర్తించి లెక్క సరిచెయ్యమని అడిగితే, ఆలోచించడానికి ఆయనకు కొంత చోటుంటుంది.

తర్వాత సూచిక. అసెస్‌మెంట్ నంబరు, జులై 4 నాటి రసీదు నంబరు, జూన్ 29 నాటి యూపీఐ లావాదేవీకి బ్యాంకు ఇచ్చిన పన్నెండంకెల నంబరు. ఈ మూడే. నా చిత్తులో అసెస్‌మెంట్ నంబరు రెండో పేజీ మధ్యలో ఎక్కడో ఉంది. "ఆ నంబరు లేకపోతే నీ ఇల్లు కంప్యూటర్లో ఉండదురా. వెతకాల్సి వస్తే కాగితం అడుగుకు పోతుంది" అన్నారు.

ఇక అసలు దరఖాస్తు. మొదటి పేరాలో నాలుగు వాక్యాలు. ఎవరి తప్పో చెప్పే మాట ఒక్కటీ లేదు. "డబ్బు తెగింది", "రసీదు రాలేదు", "తిరిగి జమ అయింది", "అదే రోజు వడ్డీతో సహా చెల్లించాను". వెబ్‌సైటును తిట్టడం లేదు, బ్యాంకును నిందించడం లేదు. చదివే అధికారి తన కార్యాలయాన్ని వెనకేసుకు రావలసిన అవసరం ఎక్కడా పడదు. వడ్డీతో సహా ముందే కట్టేశానని చెప్పడంలోనూ ఒక లెక్క ఉంది. జవాబు కోసం ఆగి ఉంటే మరో నెల, మరో 2 శాతం. కట్టినవాడి దరఖాస్తుకు, బకాయి ఉంచి అడిగేవాడి దరఖాస్తుకు విలువలో చాలా తేడా ఉంటుంది.

ఈ పేజీలో నాకు బాగా నచ్చింది రెండో పేరా. ఎదుటివాళ్లు వేయబోయే ప్రశ్నలను మావయ్య తానే వేసుకున్నారు. మొదటిది, జూన్ 29న డబ్బు నిజంగా మున్సిపాలిటీకి చేరిందా? చేరలేదు. దాన్ని ఆయన దాచలేదు: "సదరు సొమ్ము ఆ రోజు పురపాలక ఖాతాకు చేరలేదన్నది వాస్తవమే. గడువులోగా నా ఖాతా నుంచి వెళ్లిందన్నదీ, తిరిగి వచ్చేవరకు అది నా చేతిలో లేదన్నదీ బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపిస్తాయి." ఒప్పుకోలుతో మొదలై రుజువుతో ముగిసే వాక్యాలు. ఆ ఒప్పుకోలు లేకపోతే, ఫైలు చూసే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు "ఖాతాలో జమ లేదు" అని ఒక్క ముక్క రాసి పంపేసేవాడు.

రెండో ప్రశ్న: మర్నాడు 30వ తేదీ ఉంది కదా, మళ్లీ ఎందుకు కట్టలేదు? "రెండు చెల్లింపులూ జమ అయితే వాపసు కోసం మరల కార్యాలయమునకే రావలసి వచ్చునని వేచి ఉన్నాను" అని ఒకే వాక్యంలో చెప్పారు. దానికి ఊతంగా రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి సర్క్యులర్. డబ్బు తెగి, వ్యాపారికి నిర్ధారణ అందని యూపీఐ చెల్లింపు సొమ్మును లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజుల్లోగా తిప్పి ఇవ్వాలన్నది అందులోని నిబంధన. 29 తర్వాత అయిదో రోజు సరిగ్గా జులై 4. ఆ అయిదు రోజుల ఎదురుచూపు నా అశ్రద్ధ కాదని, ఆ వ్యవస్థే పెట్టుకున్న వ్యవధి అని సర్క్యులర్ ఎవరినీ బెదిరించకుండా చెప్పింది.

ఇక్కడ నేనొక సలహా ఇచ్చాను. "మావయ్యా, జూన్ 30 ఆదివారం. సెలవని కూడా రాద్దాం, ఇంకో పాయింటు అవుతుంది." ఆయన ఒప్పుకోలేదు. ఆన్‌లైన్ చెల్లింపుకు ఆదివారం ఏమిటన్నారు. మూడు గట్టి కారణాల పక్కన ఒక మెత్తని కారణం పెడితే, చదివేవాడు ముందు దాన్నే పట్టుకుంటాడట. ఆ మూడింటికీ జవాబు చెప్పక్కర్లేకుండా, దీన్ని కొట్టేసి ఫైలు మూసేస్తాడు. పేజీలో లేని ఆ వాక్యాన్ని కూడా నేను ఆయన పనితనంలోనే లెక్కేస్తాను.

చివరి పేరాలో అడిగినవి మూడు, అదీ మెట్ల వరసలో. రూ. 128ని రెండో అర్ధ సంవత్సరం డిమాండులో సర్దుబాటు చెయ్యండి. ఇది మీ అధికార పరిధిలో లేదనుకుంటే, మీ అభిప్రాయంతో మున్సిపల్ అడ్మినిస్ట్రేషన్ డైరెక్టరు కార్యాలయానికి పంపండి. ఏ నిర్ణయమైనా రాతపూర్వకంగా తెలపండి. మొదటిది కాదనడం సులువే. రెండోది కాదంటే కారణం రాయాలి. మూడోది కాదనడానికి వీల్లేదు. డబ్బు వాపసు అడగకుండా సర్దుబాటు అడగడంలోనూ ఇదే తెలివి. వాపసంటే బిల్లు, చెక్కు, మంజూరు అంటూ నాలుగు బల్లలు తిరగాలి. సర్దుబాటుకు డిమాండ్ రిజిస్టరులో ఒక్క పద్దు చాలు.

జతపరచినవి కూడా మూడే: జూన్ 29 డెబిట్, జులై 4 క్రెడిట్ రెండూ కనిపించేలా బ్యాంకు ముద్ర వేసిన స్టేట్‌మెంటు పేజీ, జులై 4 రసీదు, అంతకుముందు ఆరు అర్ధ సంవత్సరాల పన్ను గడువులోగానే కట్టినట్టు చూపే తేదీల పట్టిక. నేను పెడదామనుకున్న ఫోన్ స్క్రీన్‌షాట్‌ను ఆయన పక్కన పెట్టేశారు. దాంట్లో డబ్బు వెళ్లడమే కనిపిస్తుంది, తిరిగి రావడం కనిపించదు. ఆ రెండు పంక్తులూ ఒకే కాగితం మీద ఉంటేనే కథ పూర్తవుతుంది. స్టేట్‌మెంటులో ఆ రెండింటినీ పెన్సిలుతో గీత గీసి చూపారు. పెన్నుతో గీస్తే అసలు కాగితాన్ని దిద్దినట్టుంటుందట.

దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకుని రమ్మన్నారు. ఆ నంబరు లేని దరఖాస్తు ఇవ్వని దరఖాస్తుతో సమానం. తర్వాత అడగడానికి వెళ్లిన ప్రతిసారీ ఇంటి పేరు చెప్పలేదు, ఆ నంబరే చెప్పాను.

దీనికి హద్దు కూడా ఉంది. నేను గడువు మర్చిపోయి ఉంటే ఇంత పనితనమున్నా ఏమీ జరిగేది కాదు. "మర్చిపోతే 128 కట్టి ఊరుకో, దరఖాస్తు రాయకు" అన్నారు మావయ్య. ఊళ్లో లేకపోవడం, ఒంట్లో బాగోకపోవడం లాంటివి మనిషికి కారణాలే, ఫైలుకు కావు. ఆ ఫైలు నిలబడింది గడువులోపు ఒక తేదీ, దాన్ని చూపించే ఒక మూడో పక్షం కాగితం ఉన్నందుకే.

సెప్టెంబరులో ఫైలు చూసే అవకాశం దొరికింది. రెవెన్యూ సెక్షన్ నోట్‌లో మావయ్య రాసిన రెండో పేరా, "నేను" బదులు "దరఖాస్తుదారు" అని మారి, మిగతాదంతా యథాతథంగా ఉంది. కింద "సర్దుబాటుకు సిఫారసు" అన్న రెండు ముక్కలే వాళ్లు సొంతంగా రాసినవి. దాని కింద కమిషనర్ సంతకం.

రెండో అర్ధ సంవత్సరానికి మాకు వచ్చిన డిమాండు 6,292 రూపాయలు.