రెండు వరుసల్లో చిన్నరసాలు

మా అన్నయ్యకి నూజివీడు దగ్గర మామిడితోట ఉంది. మూడేళ్లుగా కాయని మండీకి తోలడం తగ్గించి, పెట్టెల్లో సర్ది నేరుగా ఇళ్లకు పంపుతున్నాడు. బేరమంతా ఇన్‌స్టాగ్రామ్‌లోనే. ఫొటోలు, రాతకోతలు వాళ్లమ్మాయి చూసుకుంటుంది. కిందటేడు మే నెలలో ఓ రాత్రి ఫోన్ చేసింది.

“బాబాయ్, అన్నీ రాశాను. రేటు రాశాను, ఏ ఊళ్లకు పంపుతామో రాశాను, ఆఖరు తేదీ కూడా రాశాను. అయినా అందరూ కింద అవే అడుగుతున్నారు. జనం చదవరా?”

చూస్తే నిజంగానే అన్నీ ఉన్నాయి. ముప్ఫైకి పైగా కామెంట్లు. సగానికి ఎక్కువ మూడే ప్రశ్నలు: పెట్టె ఎంత, మా ఊరికి పంపుతారా, ఇంకా ఆర్డర్లు తీసుకుంటున్నారా. మూడింటికీ జవాబులు క్యాప్షన్‌లోనే, పన్నెండో వరుస దాటాక, చక్కగా ఉన్నాయి. అక్కడిదాకా వెళ్లాలంటే మాత్రం రెండో వరుస చివర బూడిదరంగులో ఉండే ‘మోర్’ అన్న చిన్న మాట మీద వేలు పెట్టాలి. ఆ మాటకు ముందు మా పిల్ల రాసింది ఇది:

“అందరికీ నమస్కారం! వేసవి వచ్చిందంటే చాలు, మనందరికీ ముందుగా గుర్తొచ్చేది…”

అంతే. గుర్తొచ్చేది ఏమిటో కూడా కిందే.

తప్పు పిల్లది కాదు, మన అలవాటుది. మన ఉత్తరం ‘ఉభయకుశలోపరి’ అన్నాక గానీ విషయంలోకి దిగదు. పెళ్లిపత్రిక శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు దాటి, తాతముత్తాతల పేర్లు దాటి గానీ ముహూర్తం చెప్పదు. కాగితం మీద అది మర్యాద. పత్రిక చేతికొచ్చాక ముహూర్తం ఎక్కడున్నా కళ్లు వెతుక్కుంటాయి. ఫోన్లో బొటనవేలు అలా వెతకదు.

నేను ఒకప్పుడు జిల్లా డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేసినవాణ్ని. రాత్రి పదకొండింటికి ప్రకటన ఒకటి వచ్చిపడితే ఐటెం కింది నుంచి కోసేవాళ్లం. అందుకే అసలు విషయం ఇంట్రోలో ఉండాలని కొత్త విలేకరులకు నూరిపోసేవాళ్లం. ఇదీ అదే కదా, కోసేది నా బదులు ఫోను, అనుకున్నాను. “నేను రాసిస్తా ఉండమ్మా” అని ఐదు నిమిషాల్లో పంపాను:

“నూజివీడు సమీపంలోని మా తోటలో పండించి, వరిగడ్డిలో మాగబెట్టిన చిన్నరసాలను హైదరాబాద్, విజయవాడలలో మే 18లోగా ఆర్డర్ ఇచ్చినవారికి 5 కేజీల పెట్టెల్లో ఇంటికే అందిస్తున్నాం.”

ముప్ఫయ్యేళ్ల అనుభవం కదా, ఇంట్రోలో లోటు లేదనుకున్నాను. పిల్ల తన ఫోన్లో పెట్టి స్క్రీన్‌షాట్ పంపింది. అందులో కనబడింది “…వరిగడ్డిలో మాగబెట్టిన చిన్నర…” వరకే.

అప్పుడు తెలిసింది, నేను రాసింది పత్రిక వాక్యమని. తెలుగు వాక్యానికి క్రియ చివర. దానికి ముందు ఎక్కడ, ఎలా, ఎవరికి అన్న బోగీలన్నీ ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోవచ్చు. ఇంజను ఆఖర్న ఉంటుంది. పత్రికలో ఫరవాలేదు, అక్కడ నేను పేరాలు కోసేవాణ్నే గానీ వాక్యం నడుము విరిచేవాణ్ని కాదు. ఫోను వాక్యాన్నే విరుస్తుంది. విరిగిన తెలుగు వాక్యంలో మిగిలేది విశేషణాలే. అమ్ముతున్నారా, కొంటున్నారా, అసలీ ఏడాది కాపే లేదంటున్నారా తెలియదు.

అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. తెలుగులో ‘లేదు’, ‘కాదు’, ‘కుదరదు’ కూడా వాక్యం చివరే వస్తాయి. జూన్ మొదటివారంలో వానలు పడి మా అన్నయ్య ఒక వారం హైదరాబాద్ సరుకు ఆపాడు. పిల్ల పెట్టిన పోస్టు “ఈ వారం హైదరాబాద్‌కు చిన్నరసాలు, బంగినపల్లి పెట్టెలు పంపడం…” దగ్గర తెగింది. ‘కుదరడం లేదు’ కిందికి పోయింది. పైన మాత్రం నిగనిగలాడే పళ్ల ఫొటో. ఆ రోజు సాయంత్రానికి నలుగురు డబ్బులు వేసేశారు. తిరిగి పంపించడానికి మా వదిన రెండు రోజులు తంటాలు పడింది. అప్పటి నుంచి లేదన్నది ముందు చెబుతోంది: “హైదరాబాద్‌కు ఈ వారం లేవు.” ఆపైన కారణం, క్షమాపణ, వచ్చేవారం సంగతి.

ఇక కోత ఎక్కడ పడుతుందన్న ప్రశ్న. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ 2,200 క్యారెక్టర్ల దాకా రాయనిస్తుంది. అందులో పైకి కనబడేవి 125 అని ఈ పని నేర్పేవాళ్లు చెబుతుంటారు. ఆ లెక్క ఇంగ్లీషు వాళ్లకే అంతంతమాత్రం, మనకు ఇంకా పనికిరాదు. కంప్యూటర్ లెక్కలో ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం కలిపి ఆరు. ‘చిన్న’ అంటే అయిదు. అదీగాక తెర మీద కోత పడేది వరుసలను బట్టి. ఫీడ్‌లో రెండు వరుసలు దక్కితే గొప్ప, రీల్ కింద ఒక్కటే. ఆ మొదటి వరుస కూడా పూర్తిగా మనది కాదు, ఖాతా పేరుతో మొదలవుతుంది. మా పిల్ల పెట్టుకున్న పేరు ఇరవై నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో రెండు గీతలు. సగం వరుస అక్కడే అయిపోయింది. దానికి తోడు కొన్ని పోస్టుల్లో నమస్కారం తర్వాత అందంగా ఉంటుందని ఒక ఖాళీ వరుస వదిలేది. చూపులకు బాగుంటుంది గానీ, ఉన్న రెండు వరుసల్లో ఒకటి గాలికి ఇచ్చినట్టే. ఫేస్‌బుక్ కాస్త ఉదారంగా ఇంకొన్ని వరుసలు చూపిస్తుంది. అక్కడ సరిపోయింది కదా అని అదే రాతను ఇక్కడ అతికిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

అందుకని లెక్కపెట్టడం మానేశాం. మా వదిన ఫోన్లో చూస్తాం. చిన్న తెర, కళ్లజోడు వెతుక్కోనక్కర్లేకుండా అక్షరాలు బాగా పెద్దవి చేసుకుంది. అక్కడ నిలబడిన మాట ఎక్కడైనా నిలబడుతుంది. పోస్టు చేశాక తేడా కనబడినా కంగారు లేదు. ఫొటో మార్చలేం గానీ క్యాప్షన్ ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

మిగిలింది అసలు తగువు. ఆ వరుసన్నర చోటులో ఏది ఉంచాలి? అన్నయ్యకి ‘కార్బైడ్ వేయనివి’ అన్నది ముందుండాలి. వదినకి ‘తాతల నాటి తోట’ ఉండాలి. పిల్లకి అసలు రేటే వేయడం ఇష్టం లేదు, ‘రేటు కోసం ఇన్‌బాక్స్‌కి రండి’ అంటే జనం మాట కలుపుతారని ఎవరో చెప్పారట. నేను కామెంట్లు ముందేసుకుని కూర్చున్నాను. కార్బైడ్ వేశారా అని అడిగినవాళ్లు ఇద్దరు. తాతల గురించి ఎవరూ అడగలేదు. ఊరు, తేదీ, రేటు, ఈ మూడే మళ్లీ మళ్లీ. పైన ఏముండాలో కింద ప్రశ్నలే చెబుతుంటే మనం తగువులాడుకోవడమెందుకు?

మూడింటిలోనూ వరస ముఖ్యం. మొదట రేటు అనుకున్నాం, తర్వాత మార్చాం. విశాఖలో ఉన్నావిడకి రేటు తెలిసి ఏం లాభం, అక్కడికి మేం పంపం. కనుక ఊరు ముందు. ఆమె వేలు కదిలించకుండానే తప్పుకుంటుంది, మాకు ఒక కామెంటు తగ్గుతుంది. తర్వాత తేదీ. ఇన్‌స్టాగ్రామ్ పోస్టును పెట్టినరోజే అందరికీ చూపించదు, కొందరికి నాలుగోరోజు కనబడుతుంది. ‘రేపటి వరకే’ అని రాస్తే నాలుగోరోజు చూసేవాడికీ రేపే. అందుకే తేదీ, వారం రెండూ రాయాలి. రేటు చివర. కోత పొరపాటున ముందుకు జరిగి ఒకటి పోవాల్సి వస్తే పోదగినది అదే. ఊరూ తేదీ కుదిరినవాడు రేటు కోసం ‘మోర్’ నొక్కుతాడు. రేటు కుదిరినంత మాత్రాన ఊరు కోసం నొక్కుతాడని నమ్మకం లేదు. నూజివీడు, తోట అన్న మాటలు ఖాతా పేరులోనే ఉన్నాయి, మళ్లీ అక్కర్లేదు. మామిడిపళ్లని ఫొటోయే చెబుతోంది, రకం పేరు చాలు.

చివరికి మే రెండోవారంలో పెట్టింది ఇది:

“హైదరాబాద్, విజయవాడలకు చిన్నరసాలు. ఆర్డర్లు మే 18 ఆదివారం వరకే. 5 కేజీలు 750.”

ఒక్క క్రియ లేదు. తెలుగుకి ఆ వెసులుబాటు ఉంది, క్రియ లేకుండానే వాక్యం నిలబడుతుంది. వదిన ఫోన్లో ‘వరకే’ దాకా వచ్చింది, 750 కిందికి పోయింది. పోనిమ్మన్నాం.

కోత కింద మొదటి వరుసలో రేటు ఇంకోసారి, ఆ పక్కనే ఫోన్ నంబరు పెట్టాం. నొక్కి వచ్చినవాడు కొనడానికి వచ్చినవాడు, వాణ్ని మళ్లీ తిప్పకూడదు. ఆ తర్వాత వరిగడ్డి, కార్బైడ్ లేని సంగతి, కాయ దోరగా ఉన్నప్పుడే పంపుతాం కాబట్టి మూడు నాలుగు రోజులు కాగితంలో చుట్టి బయటే ఉంచాలని, మాగకముందే ఫ్రిజ్‌లో పెట్టొద్దని. ఆఖర్న వదిన తాతల తోట, నాలుగు వరుసలు. నిజం చెప్పాలంటే అందులో బాగా రాసింది అదే. అక్కడిదాకా వెళ్లినవాళ్లు దాని గురించే రాశారు. అదే నాలుగు వరుసలు పైనున్నప్పుడు ఎవరూ చదవలేదు.

‘మా తోటలో ఒక రహస్యం ఉంది, తెలియాలంటే మోర్ నొక్కండి’ అని పెడదామా అని పిల్ల ఒకసారి అడిగింది. నొక్కినవాడికి రహస్యం బదులు రేటు కనబడితే వచ్చేవారం నొక్కడు. వద్దన్నాను.

ఈసారి కామెంట్లలో రేటు అడిగినవాళ్లు ముగ్గురే. నాలుగో కామెంటు విశాఖ నుంచి: “మాకెందుకు పంపరండీ, మేం ఏం పాపం చేశాం?” పిల్ల మళ్లీ ఫోన్ చేసింది.

“రసం పల్చటి తోలు కదా బాబాయ్, అంతదూరం వెళ్లేసరికి అడుగు వరస నలిగిపోతోందంటున్నారు నాన్న. ఈ మాట పైన పెట్టనా?”

“వద్దమ్మా, నంబరు కింద పెట్టు” అన్నాను.