చూపు మసకబారిన వారికి కరపత్రం

ఒక యువజన సంఘం కుర్రాడు కరపత్రం చేసిపెట్టమని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: “అన్నా, వచ్చే ఆదివారం మన హైస్కూల్లో కంటి క్యాంప్. మన సంఘం తరఫునే. సర్పంచ్ గారు వస్తున్నారు. పొద్దున తొమ్మిది నుంచి. ఫ్రీ. ఏదన్నా ఉంటే నాకు ఫోన్ చెయ్యమను.”

తెలిసినవాళ్లకు ఈ మాటలు చాలు. పక్క ఊరి మనిషికి చాలవు. అందుకే డిజైన్ మొదలుపెట్టేముందు ‘వచ్చే’, ‘మన’, ‘నాకు’ లాంటి మాటలన్నీ విప్పుతాను. వచ్చే ఆదివారం అంటే 2025 నవంబర్ 16. తేదీకీ వారానికీ పొత్తు కుదిరిందో లేదో క్యాలెండర్‌లో చూస్తాను. మన హైస్కూల్ అంటే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, పాత బస్టాండ్ ఎదురుగా. ‘నాకు’ అన్నచోట పేరు, నంబరు. మెసేజ్‌లో లేనిది ముగింపు వేళ. అడిగితే మధ్యాహ్నం ఒంటిగంట అన్నాడు.

ఇక వరుస. మెసేజ్‌లో వేళ, ‘ఫ్రీ’ అన్న మాట కంటే సంఘం, సర్పంచ్ ముందున్నారు. చదివే మనిషి మాత్రం ముందు ‘నాకేమిటి?’ అని చూస్తాడు. తర్వాత ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని అడగాలి. కాబట్టి ‘ఉచిత కంటి పరీక్షలు’ అన్నదే శీర్షిక. సంఘం పేరు, అతిథుల పేర్లు అడుగున ఒక పట్టీలో ఉంటాయి.

ఈ కరపత్రం చదవాల్సినవాళ్లలో చాలామందికి శుక్లాలు ఉంటాయి. శుక్లం ముదిరేకొద్దీ అక్షరానికీ దాని వెనక రంగుకీ తేడా తెలియడం కష్టమవుతుంది. అందుకే నీలం మీద ఎరుపు వద్దంటాను. తెలుపు మీద నలుపు, శీర్షికకు మాత్రం ముదురు రంగు. ఏ5 కాగితం మీద శీర్షిక 44 పాయింట్లు, తేదీ, వేళ 28, స్థలం 22, మిగతా వివరాలు 16. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. 16 పాయింట్ల అక్షరానికి పంక్తికీ పంక్తికీ నడుమ 24 పాయింట్లయినా లేకపోతే ‘స్త్ర’ వత్తు కింది పంక్తిలోని గుడికి తగులుతుంది.

ఫోన్ నంబరు స్థలం పేరుకు వేసిన అక్షరాలంత పెద్దగా, అయిదేసి అంకెలుగా విడగొట్టి, పక్కన పేరుతో వేస్తాను. వివరాల్లో ఒక్క మాట తప్పక చేరుస్తాను: ‘తోడుగా ఒకరిని తెచ్చుకోండి’. పరీక్షకు చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు చూపు మసకగానే ఉంటుంది.

అచ్చుకు పంపేముందు ఒక ప్రతి తీసి, విషయం తెలియని పెద్దాయన చేతికిస్తాను. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అని అడుగుతాను. జవాబు కోసం ఆయన కాగితమంతా వెతికితే వరుస తప్పినట్టు. కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంటే అక్షరం చాలనట్టు. అప్పుడు అతిథుల పట్టీని ఇంకా కుదించి, ఆ చోటును తేదీకీ స్థలానికీ ఇస్తాను.