తొలి ఏడుపు తర్వాత రెండు రోజులు

బిడ్డ కేర్‌మనగానే కాన్పు గదిలో అందరి మనసూ కుదుటపడుతుంది. కానీ గుండెలో రావలసిన మార్పు అప్పుడే మొదలవుతుంది, పూర్తి కావడానికి రోజులు పడుతుంది. అందుకే బిడ్డను ఇంటికి పంపేముందు కుడిచేతికీ పాదానికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడటం ప్రతి ఆస్పత్రిలోనూ తప్పనిసరి కావాలంటాను.

కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు ఆక్సిజన్ అందేది మాయ నుంచే. ఊపిరితిత్తుల్లో ద్రవం నిండి ఉంటుంది, వాటి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. అందుకని చాలామటుకు రక్తం అడ్డదారుల్లో పోతుంది. వాటిలో ఒకటి కర్ణికల మధ్యనున్న ఫొరామెన్ ఒవేల్ అనే రంధ్రం. తొలి ఊపిరితో ఊపిరితిత్తులకు రక్తం పోటెత్తి, అక్కణ్నుంచి ఎడమ కర్ణికకు చేరుతుంది. ఆ ఒత్తిడికి అక్కడి పల్చటి పొర వాలి రంధ్రాన్ని కప్పేస్తుంది. ఇదంతా త్వరగానే జరుగుతుంది. పుపుస ధమనిని బృహద్ధమనితో కలిపే డక్టస్ ఆర్టీరియోసస్ మాత్రం తొందరపడదు. దాని గోడలోని కండరాన్ని సడలించి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్. మాయ దూరమై అది తగ్గుతూ, రక్తంలో ఆక్సిజన్ పెరుగుతూ వచ్చేకొద్దీ కండరం బిగుస్తుంది. నెలలు నిండిన బిడ్డలో ఈ దారి మూసుకోవడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

ప్రమాదమంతా ఈ వ్యవధిలోనే ఉంది. బృహద్ధమని మధ్యలో తెగి పుట్టిన బిడ్డనే తీసుకోండి. ఒంటి కింది భాగానికి రక్తం డక్టస్ ద్వారానే అందుతుంది. అది తెరిచి ఉన్నంతసేపు బిడ్డ పాలు తాగుతుంది, నిద్రపోతుంది, చూడటానికి బాగానే ఉంటుంది. కుడిచేతికి వెళ్లే రక్తం డక్టస్ కలవకముందే చీలిపోతుంది కనుక మీటరు 98 చూపించవచ్చు. పాదానికి చేరేది ఆక్సిజన్ తక్కువైన రక్తం, అక్కడ 91 రావచ్చు. 91 దగ్గర ఉన్న నీలిరంగు అనుభవజ్ఞులైన డాక్టర్ల కంటికి కూడా ఆనకపోవచ్చు. రెండో రోజునో మూడో రోజునో డక్టస్ మూసుకుంటే పాదాల్లో నాడి అందదు, మూత్రం ఆగిపోతుంది, బిడ్డ షాక్‌లోకి జారిపోతుంది. ముందే తెలిస్తే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్‌తో డక్టస్‌ను తెరిచి ఉంచి, సర్జరీ ఉన్నచోటికి తరలించవచ్చు. ఆ మందుకు ఊపిరి ఆగే ప్రమాదముంది కాబట్టి వెంటిలేటర్ అందుబాటులో ఉండాలి.

అనవసరపు భయాలు పుడతాయని కొందరి అభ్యంతరం. పుట్టిన కొద్ది గంటలకే చూస్తే అది నిజమే, 24 గంటలు దాటాక చూస్తే చాలావరకు తగ్గుతుంది. పైగా అలా దొరికిన బిడ్డల్లో కొందరికి గుండె బాగున్నా న్యుమోనియానో ఇన్‌ఫెక్షనో బయటపడుతుంది, అదీ తెలియాల్సిందే. అన్ని లోపాలూ దొరకవన్న మాట ఇంకా బలమైనది. బృహద్ధమని సన్నబడిన బిడ్డలు కొందరు ఈ పరీక్షకు అందరు. కాబట్టి తొడ దగ్గర నాడి చూడటం మానకూడదు. అమెరికా 2011లోనే ఈ ఆక్సీమీటర్ పరీక్షను నవజాత శిశువుల పరీక్షల జాబితాలో చేర్చింది. దీనికి కావలసింది చిన్న మీటరు, కొన్ని నిమిషాల ఓపిక.

డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ రెండు అంకెలూ అడగండి. రెండు చోట్లా 95 లేదా అంతకు మించి ఉండాలి, మధ్య తేడా 3 దాటకూడదు.