పిడికెడు బియ్యం లెక్క

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండదు. మధ్యలో వచ్చే 6 ఆదివారాలు తీసేస్తే 40. ఈ లెక్క మన సంఘాల్లో చాలామందికి తెలుసు. ఉపవాసం నాడు వేసుకోవాల్సిన ఇంకో లెక్క ఉంది, దాన్నే వదిలేస్తున్నాం.

రెండో శతాబ్దపు ‘హెర్మాస్ కాపరి’ అనే పుస్తకంలో అది కనిపిస్తుంది. ఉపవాసం నాడు రొట్టె, నీళ్లతో సరిపెట్టుకోవాలి. మామూలుగా తినేదానికి ఎంతయ్యేదో చూసుకుని, ఆ సొమ్మును విధవరాలికో, తల్లిదండ్రులు లేని పిల్లలకో, లేనివాళ్లకో ఇవ్వాలి. ధర్మం ఉపవాసంలోంచే పుట్టాలన్నమాట. మధ్యాహ్నం హోటల్ భోజనం 120 రూపాయలనుకుందాం. అది మానేసి 20 రూపాయల అరటిపళ్లతో గడిపితే 100 మిగులుతుంది. ఆ వంద ఆ పూటే విడిగా తీసిపెట్టాలి. జేబులో ఉంచుకుంటే సాయంత్రానికి ఎటుపోయిందో తెలియదు. శుక్రవారం చికెన్ మానేసి రొయ్యలు వండుకున్నా, పగలంతా పస్తుండి రాత్రికి బిర్యానీ తెప్పించుకున్నా మిగిలేది ఏమీ లేదు. అలాంటి ఉపవాసం వల్ల పక్కింటి ఆకలి ఒక్క మెతుకైనా తగ్గదు.

మా అమ్మకు ఆ పుస్తకం పేరు కూడా తెలియదు. లెంటులో ఇంటిల్లిపాదికీ కొలిచిన బియ్యంలోంచే, కడగబోయే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేసేది. బస్తాలోంచి విడిగా ఇంకో పిడికెడు తీసేది కాదు. అందుకే ఆ పూట గిన్నెలో అన్నం కాస్త తగ్గేది, అందరికీ తలా ఒక ముద్ద తక్కువయ్యేది. పిడికెడంటే 50 గ్రాములనుకున్నా 40 రోజులకు 2 కిలోలు. రోజుకూలి ఇంట్లోనూ చేయగలిగిన ధర్మం ఇది. షుగరు మందులు వాడేవాళ్లు, బాలింతలు భోజనం మానక్కర్లేదు. వాళ్లకు ఈ పిడికెడు చాలు.

ఇక పశ్చాత్తాపం. 6, 32, 38, 51, 102, 130, 143 — ఈ ఏడింటినీ పశ్చాత్తాప కీర్తనలంటారు. రాత్రి ప్రార్థనలో రోజుకొకటి చదువుకుంటే వారం సరిపోతుంది. చదివాక మోకాళ్ల మీద నుంచి లేవకముందే యెషయా 58వ అధ్యాయం అడిగేది నన్ను నేను అడుగుతాను: ఉపవాసం ఉన్న ఈ రోజు నా దగ్గర పనిచేసేవాళ్లను పీడించానా? పనిమనిషి జీతం పదో తారీఖు దాటినా ఇవ్వకపోతే, ముందు అది ఇచ్చేయాలి. అది ఆమె కష్టార్జితం, డబ్బాలో వేసే ధర్మంతో కలపకూడదు. జక్కయ్య కూడా బీదలకిచ్చే సగం ఆస్తిని ఒకటిగా, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి కట్టడాన్ని మరొకటిగా చెప్పాడు.

డబ్బా ఈస్టర్ తర్వాత విప్పితే ఆలస్యమైపోతుంది. మట్టల ఆదివారం తర్వాతి సోమవారమే లేనివాళ్లకు అందజేస్తే, వాళ్ల ఇంట్లోనూ పండగ నాటికి పొయ్యి వెలుగుతుంది.