వల్ల అన్న ఒక్క మాట

ఆళ్లగడ్డలో స్టాటిస్టిక్స్ చెప్పే మిత్రుడొకరు తన విద్యార్థులకు పెట్టిన ఒక బిట్టు ప్రశ్న నా దగ్గరుంది. సరైన జవాబు కంటే అందులో తప్పు జవాబునే నేను ఎక్కువసార్లు చదివాను. దాని పనితనం అలాంటిది.

ప్రశ్న ఇది. శనగ వేసిన వందమంది రైతులను, ఒక్కొక్కరికీ ఒక ఎకరా చొప్పున, పంట చేతికొచ్చాక అడిగారు. సూక్ష్మపోషకాల మందు కొట్టిన యాభైమందికి సగటున 8.4 క్వింటాళ్లు, కొట్టని యాభైమందికి 6.6 క్వింటాళ్లు పండాయి. దీన్నుంచి ఏం చెప్పవచ్చు? అంకెలు ప్రశ్న కోసం కల్పించినవే, చేను మాత్రం మా నల్లరేగడి చేనే.

మొదటి ఆప్షన్: ‘మందు కొట్టడం వల్ల ఎకరాకు సగటున 1.8 క్వింటాళ్ల దిగుబడి పెరిగింది.’ రెండోది: ‘మందు కొట్టినవారికి సగటున 1.8 క్వింటాళ్లు ఎక్కువ పండింది. కారణం మందేనని ఈ లెక్కతో తేలదు.’ మూడోది మందుకూ దిగుబడికీ ఏ సంబంధమూ లేదంటుంది. నాలుగోది మందు కొట్టిన ప్రతి ఒక్కరికీ కొట్టని ప్రతి ఒక్కరికంటే ఎక్కువ పండిందంటుంది. కీలో రెండోది ఒప్పు.

మొదటి ఆప్షన్‌ను దగ్గరగా చూడండి. తీసివేత సరిగ్గా ఉంది. ‘సగటున’ అన్న జాగ్రత్త ఉంది. విద్యార్థికి అనుమానం రప్పించే ‘ఎప్పుడూ’, ‘మాత్రమే’, ‘తప్పకుండా’ లాంటి మాటలేవీ లేవు. తప్పంతా ‘వల్ల’ దగ్గరుంది, ఆ వెనక వచ్చే ‘పెరిగింది’ దానికి తోడు పోయింది. మన వ్యాకరణంలో ‘తో’ తృతీయ, ‘వలన’ పంచమి. మందుతో పాటు దిగుబడి కనబడిందన్నంత వరకే లెక్క చెప్పింది. ఆప్షన్ దాన్ని చప్పుడు లేకుండా పంచమిలోకి దాటించింది. ‘ఎక్కువ పండింది’ అన్నది రెండు గుంపుల మధ్య తేడా. ‘పెరిగింది’ అన్నది ఒకే చేనులో వచ్చిన మార్పు. అలాంటి మార్పును ఇక్కడ ఎవరూ కొలవలేదు.

మిత్రుడు జవాబు చెప్పేటప్పుడు బోర్డు మీద వేసే లెక్క ఇది. శనగ ఎక్కువగా నేలలో మిగిలిన తేమ మీదే పండుతుంది. బోరున్నవాడు మాత్రం ఒక తడి ఇచ్చుకోగలడు. నీళ్లున్న చేనుకే ధైర్యంగా పెట్టుబడి పెడతారు కనుక మందు కొట్టినవాళ్లలో నలభైమందికి బోరుంది, పదిమందికి లేదు అనుకోండి. కొట్టనివాళ్లలో పదిమందికే ఉంది, నలభైమందికి లేదు. తడి అందిన చేను 9 క్వింటాళ్లు, అందనిది 6 క్వింటాళ్లు ఇచ్చింది, మందు కొట్టినా కొట్టకపోయినా అంతే. మొదటి గుంపు మొత్తం 360, 60 కలిపి 420. యాభైతో భాగిస్తే 8.4. రెండో గుంపుకు 90, 240 కలిపి 330, సగటు 6.6. ప్రశ్నలోని అంకెలే అచ్చంగా వచ్చాయి, మందు చేసిన పని సున్నా. అసలు జరిగింది ఇదేనని ఆయన అనడు. ఇలా జరిగినా అవే అంకెలు వస్తాయి కాబట్టి ఆ అంకెలు మందు తరఫున సాక్ష్యం చెప్పలేవు, అంతే.

మూడో ఆప్షన్‌ను కూడా నేను మెచ్చుకుంటాను. సహసంబంధం కారణం కాదన్న మాటను కంఠస్థం చేసిన పిల్లలు దాంట్లో పడతారు. సంబంధం ఉంది, 1.8 క్వింటాళ్ల తేడా కళ్లముందే ఉంది. నాలుగోది కొంచెం బలహీనం. సగటు అంటే ఏమిటో తెలిసినవాడు దాన్ని వెంటనే కొట్టేస్తాడు.

తప్పు ఆప్షన్ మంచిదో కాదో పేపర్లు దిద్దాక తెలుస్తుంది. ఎక్కువ మార్కులొచ్చిన 27 శాతం మందినీ తక్కువ వచ్చిన 27 శాతం మందినీ విడదీసి, ఆ ఆప్షన్‌ను ఎవరెంతమంది ఎంచుకున్నారో చూస్తారు. ట్రూమన్ కెల్లీ 1939లో లెక్కకట్టిన శాతం అది. కింది గుంపు ఎక్కువగా, పై గుంపు తక్కువగా ఎంచుకుంటే ఆప్షన్ తన పని చేసినట్టు. ఎవరూ తాకకపోతే అది చచ్చినట్టే. పై గుంపే ఎక్కువగా పడితే మాత్రం విద్యార్థిని కాదు, ప్రశ్ననే దిద్దాలి. చాలాసార్లు ప్రశ్నలో ఏదో వాక్యం రెండర్థాలకు తావిచ్చి ఉంటుంది.

మన శనగ ప్రశ్నలో మాత్రం జవాబును తేల్చే వాక్యం ‘పంట చేతికొచ్చాక అడిగారు’ అన్నది. మందు ఎవరు కొట్టాలో రైతులే తేల్చుకున్నారని అది చెబుతోంది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ-47 లాంటి శనగ రకాలను పరీక్షించే పొలాల్లో అలా వదలరు. ఏ మడిలో ఏది పడాలో చీటీల వంటి పద్ధతితో తేలుస్తారు, దాన్ని చాలాసార్లు పునరావృతం చేస్తారు. రోథంస్టెడ్ పొలాల్లో పనిచేసిన ఫిషర్ స్థిరపరచిన పద్ధతి అది. మన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో ఆయన దగ్గరే పరిశోధన చేశారు. చీటీ వేస్తే బోరున్న చేలు రెండు గుంపుల్లోకీ దాదాపు సమంగా వస్తాయి. మిగిలిన తేడా యాదృచ్ఛికంగా వచ్చేదానికంటే పెద్దదైతే ‘వల్ల’ అనే హక్కు వస్తుంది.

అందుకే మిత్రుడు అదే పేపర్లో తర్వాతి ప్రశ్నగా మళ్లీ ఇదే శనగనూ, ఇవే అంకెలనూ, ఇవే నాలుగు ఆప్షన్లనూ ఇచ్చాడు. మార్చిందల్లా ఒక వాక్యం: ‘ఎవరు మందు కొట్టాలో ముందే చీటీలు వేసి తేల్చారు, ఇంత తేడా యాదృచ్ఛికంగా రావడం చాలా అరుదని పరీక్షలో తేలింది.’ ఈసారి కీలో మొదటి ఆప్షన్ ఒప్పు.