రెండు సెకన్లు ఇస్తే తప్పు దాగిపోతుంది

పక్కపక్క కూర్చున్న విద్యార్థులకు ఒకే లెక్కను వేర్వేరు అంకెలతో ఇవ్వడం కొత్త కాదు. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగం 1992లోనే కాపా అనే ప్రోగ్రాంతో ఒక్కో విద్యార్థికి ఒక్కో అంకెల జత పంచింది. చిక్కల్లా ఆ అంకెల ఎంపికలోనే ఉంది.

ఇంటర్ లెక్క ఒకటి చూద్దాం. 37° వాలుతలం, ఘర్షణ గుణకం 0.5. నిశ్చలస్థితి నుంచి జారే దిమ్మె 3 సెకన్లలో ఎంత దూరం పోతుంది? g విలువ 10, sin 37° 0.6, cos 37° 0.8 అనుకుంటే త్వరణం 10(0.6 − 0.4), అంటే 2. దూరం 9 మీటర్లు.

రెండో సెట్టులో సమయాన్ని 2 సెకన్లు చేశారనుకోండి. సరైన జవాబు ½ × 2 × 4 = 4. సూత్రం మరిచి at అని రాసినవాడికీ 2 × 2 = 4 వస్తుంది! జవాబు మాత్రమే దిద్దే పరీక్షలో వాడికి పూర్తి మార్కులే. 45° కోణంలో sin, cos సమానం కాబట్టి రెండిటినీ తారుమారు చేసిన తప్పు కూడా అలాగే కనబడకుండా పోతుంది.

గుణకాన్ని 0.8 చేస్తే ఇంకో ముప్పు. అది tan 37° విలువ 0.75ను దాటింది కనుక దిమ్మె అసలు కదలదు. అక్కడ అడిగింది గణన కాదు, దిమ్మె కదులుతుందా లేదా అన్న ఆలోచన. 30° ఇస్తే √3తో కుస్తీ. అది భౌతికశాస్త్రానికి పెట్టే పరీక్ష కాదని నా అభిప్రాయం.

మరి మొదటి సెట్టును అలాగే ఉంచి 37°, 0.25 రెండో సెట్టుకు, 53°, 0.5 మూడో సెట్టుకు ఇస్తే? త్వరణాలు 4, 5. బాగానే ఉంది. కానీ తప్పు దారులను కూడా లెక్కించి చూడాలి, చాలామంది వదిలేసే మెట్టు ఇదే. సమయం 3 సెకన్లయితే sin, cos తారుమారు చేసిన పిల్లలకు మొదటి సెట్టులో 22.5, రెండో దాంట్లో 29.25, మూడో దాంట్లో 9 వస్తాయి. దశాంశం చూసినవాళ్లు అనుమానపడి వెనక్కి వెళ్తారు. 9 చూసినవాళ్లు నిశ్చింతగా రాసేస్తారు. మూడో సెట్టు కష్టమైపోయింది. అన్నిటికీ 4 సెకన్లు ఇస్తే సరైన జవాబులు 16, 32, 40. తారుమారు జవాబులు 40, 52, 16. అన్నీ పూర్ణాంకాలే, ఏ సెట్టుకూ హెచ్చరిక అందదు.

పరీక్షయ్యాక సెట్టువారీగా ఎంతమంది సరిగా చేశారో చూడాలి. అయితే సెట్టుకు 60 మందే ఉంటే తొమ్మిది, పది శాతం తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు. అందుకే శాతాలకంటే తప్పు జవాబుల కుప్పలను నమ్ముతాను. మూడో సెట్టులో 16 రాసినవాళ్లు, మొదటి సెట్టులో 40 రాసినవాళ్లు దాదాపు అంతే మంది ఉంటే, ఆ ఉచ్చు రెండిట్లోనూ ఒకేలా పనిచేసిందన్నమాట.